పన్నెట్ గళ్లు

కావలి

చి॥ సౌ॥ సుజాతకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. ముసురు పట్టింది, ఆరేసిన గుడ్డ ఆరడం లేదు. నువ్వు ఫోన్లో "బాగున్నా నాన్నా, మళ్లీ చేస్తా" అని పెట్టేస్తున్నావు. ఆ మళ్లీ అన్నది రావడం లేదు. అందుకే ఈ ఉత్తరం. ప్రత్యేకంగా విషయమేమీ లేదు.

మొన్న వజ్రమ్మ వచ్చి కూర్చుని, నీ రక్త పరీక్షలో ఏదో "మైనర్" అని రాశారట కదా అంది. వజ్రమ్మ మాటల్లో సగం గాలి అని మీ అమ్మ కొట్టిపారేసింది గానీ, ఆ పూట అన్నం సరిగా తినలేదు. మూడో నెల కదా, వేళకి తింటున్నావా? మెట్లు ఎక్కడం తగ్గించు. వాసుని మంచినీళ్ల క్యాన్ మోయమను.

చిన్ని సంగతి చెప్పాలి. దానికి అనువంశికత పాఠం మీద హోంవర్క్ ఇచ్చారు. పసుపు బఠాణీని పసుపు బఠాణీతో కలిపితే ఏం వస్తుందో పన్నెట్ గళ్లు గీసి చూపించమని. రెండు మొక్కలూ Yy. పసుపుకి Y, ఆకుపచ్చకి y. ఒక్క Y ఉన్నా గింజ పసుపే. అది గళ్లు గీసి, పైన ప్రతి గడి మీదా Yy, పక్కనా Yy రాసుకుని, లోపల YyYy అని నాలుగక్షరాలు కూరింది. పైగా "తాతా, బుక్కులో ఇట్టా లేదు" అని ఏడుపు మొహం.

నేను గళ్లు కొట్టేయించి, ముందు ఒక్క మాట అడిగాను. తల్లి బిడ్డకి తన రెండక్షరాలూ ఇస్తుందా? ఇస్తే బిడ్డకి నాలుగు, దాని బిడ్డకి ఎనిమిది అవుతాయి కదా? కాసేపు చూసి, "ఒకటే ఇస్తుంది" అంది. అదీ కిటుకు. గడి బయట రాసేది మనిషి కాదు, ఆ మనిషి ఇవ్వగలిగిన ఒక్క అక్షరం. తల్లివి విడదీసి పైన ఒక గడి మీద Y, రెండో గడి మీద y. తండ్రివి పక్కన అట్లాగే. లోపలి గడిలో పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి దింపుకోవడమే.

```
       Y     y
Y     YY    Yy
y     Yy    yy
```

అంతే, మూడు పసుపు, ఒకటి ఆకుపచ్చ. చిన్ని చకచకా రాసేసి, "అంటే నాలుగు గింజల్లో ఒకటి ఖచ్చితంగా ఆకుపచ్చది" అంది. అక్కడ ఆపాను. పుస్తకం మూసి పోనిచ్చేవాణ్ణే, నా మనసులో ఇంకో లెక్క తిరుగుతుండబట్టి ఆపాను.

మీ అమ్మ పోపులడబ్బాలోంచి రెండు రూపాయి బిళ్లలు తెప్పించాను. బొమ్మ పడితే Y, బొరుసు పడితే y. ఒకటి తల్లి, ఒకటి తండ్రి. రెండూ కలిపి ఎగరేయమన్నాను. మొదటి నాలుగు సార్లలో రెండు బొరుసులు ఒక్కసారీ పడలేదు. "గడి తప్పు తాతా" అంది. ఇంకా వెయ్యమన్నాను. తర్వాత వరసగా రెండుసార్లు పడ్డాయి. మొహం చూడాల్సింది దానిది! బిళ్లకి వెనకటి దెబ్బ గుర్తుండదు కదా. నాలుగు గళ్లు అంటే నలుగురు బిడ్డలు కాదు, పుట్టే ప్రతి బిడ్డకీ ఉన్న నాలుగు దారులు. మొదటి బిడ్డకి ఏం వచ్చినా రెండో బిడ్డకి మళ్లీ అవే నాలుగు గళ్లు, మళ్లీ నాలుగింట ఒకటి. మెండెల్ వేల గింజలు లెక్కపెట్టాడు కాబట్టి 6,022 పసుపు, 2,001 ఆకుపచ్చ వచ్చి మూడుకి ఒకటి తేలింది. నాలుగు గింజలు లెక్కపెట్టి ఉంటే తేలేది కాదు.

అప్పుడు అడిగింది, "మూడు పసుపులో Yy ఏదో చూసి చెప్పలేమా?" అని. చూస్తే తెలీదమ్మా, అందులో రెండు Yy అయినా మూడూ ఒకే రంగు. మొక్కలకైతే ఆకుపచ్చదానితో కలిపి, పుట్టే గింజలు చూసి చెప్పాలి. మనుషులకైతే రక్తం తీస్తే చాలు. రక్తం మాట నా నోటి నుంచి రాగానే మీ అమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది. చిన్నికి నేనేం చెప్పలేదులే.

వజ్రమ్మ మాట నిజమే అనుకుందాం, అనుకుందాం అంతే. తలసీమియా అంటే ఒంట్లో హీమోగ్లోబిన్ సరిగా తయారుకాని, వంశంలో వచ్చే జబ్బు. దాని అక్షరం y అనుకో. మైనర్ అంటే నువ్వు Yy లాంటిదానివి, ఆరోగ్యంగానే ఉంటావు. మహా అయితే హీమోగ్లోబిన్ కాస్త తక్కువ, రక్తకణాలు చిన్నవి. వాసుకి లేకపోతే తండ్రి వైపు రెండూ Y లే. గళ్లు గీసి చూడు, yy ఎక్కడా రాదు. సగం గళ్లు నీలాంటివి, సగం అసలు లేనివి. వాసుకీ ఉంటేనే చిన్ని గీసిన గళ్లు, ప్రతి కాన్పుకీ నాలుగింట ఒకటి మేజర్. ఆ బిడ్డకి నెలనెలా రక్తం ఎక్కించాల్సి వస్తుంది.

ఇక్కడే నాకు నిద్ర పట్టనిది. మీది మేనరికం. మీ అమ్మకి చిన్నప్పటి నుంచీ "రక్తం తక్కువ" అని ఐరన్ బిళ్లలు మింగించారు, పదికి మించింది లేదు. నేను పని చేసిన ల్యాబులో ఆ రోజుల్లో సాలీ గొట్టంతో రంగు పోల్చి హీమోగ్లోబిన్ చూసేవాళ్లం, దీన్ని పట్టే మిషన్ లేదు. నీకు అది మీ అమ్మ నుంచి వచ్చి ఉంటే, మీ మామయ్యకి ఉండే అవకాశం సగం, ఆయన నుంచి వాసుకి నాలుగో వంతు. నా నుంచి వచ్చి ఉంటే ఈ లెక్క వర్తించదు. అందుకే నేనూ మీ అమ్మా నిన్న రక్తం ఇచ్చొచ్చాం. మీ అమ్మ దారి పొడుగునా "మా పుట్టింటి మీద పడ్డాడు" అని సణుగుతూనే ఉంది.

అయినా ఈ లెక్కలన్నీ ఎందుకు, వాసు ఒక గొట్టం రక్తం ఇస్తే తేలిపోయేదానికి! మామూలు బ్లడ్ కౌంట్ చాలదని చెప్పు. హీమోగ్లోబిన్ రకాలు విడదీసే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష చేయించుకోవాలి. హెచ్‌బీ ఏ2 అనే వరస మూడున్నర శాతం దాటితే సాధారణంగా మైనరే. ఒంట్లో ఐరన్ బాగా తగ్గితే ఆ అంకె కిందికి దిగి దాక్కుంటుంది, కాబట్టి అంచు మీద ఉంటే ఐరన్ కూడా చూసి మళ్లీ చేయమనాలి. సికిల్ సెల్ లాంటి ఇంకో రకం కనిపించినా వదిలెయ్యకూడదు, దానితో కలిసినా ఇబ్బందే. డాక్టరమ్మ ఇచ్చిన ఐరన్ మాత్రం నీ అంతట నువ్వు మానకు, మైనర్ ఉన్నవాళ్లకీ ఐరన్ లోటు ఉండొచ్చు.

ఇద్దరికీ ఉందని తేలితే బిడ్డ సంగతి ముందే చూడొచ్చు. మాయ నుంచి చిన్న ముక్క తీసి చూసేది పదకొండో వారం నుంచి పద్నాలుగో వారం లోపు. ఉమ్మనీరు తీసేదైతే పదిహేనో వారం దాటాక. అందుకే తొందర. తర్వాత ఏం చేయాలన్నది మీ ఇద్దరి ఇష్టం, నేను నోరెత్తను. మీ అమ్మని కూడా ఎత్తనివ్వను.

పెద్దోడికీ చెప్పాలి, వాడికీ సగం అవకాశం ఉంది. నీ మాట వినకుండా వాడితో ఎత్తను.

మొలగొలుకుల బియ్యం లారీ ఆఫీసులో వేశాను, వాసుని వెళ్లి తెచ్చుకోమను, నువ్వు మొయ్యొద్దు. నిమ్మకాయ ఊరగాయ సీసా మధ్యలో చుట్టి పెట్టింది మీ అమ్మ, చూసి విప్పు. నీ రిపోర్టు ఫోటో తీసి పంపు, ఏ2 వరస స్పష్టంగా కనిపించాలి. వాసుది ఏ రోజు ఇస్తున్నాడో కూడా రాయి. రాయకపోతే ఆదివారం నేనే రైలెక్కుతా.

నాన్న