వేలిముద్ర పడకపోతే రిజిస్ట్రేషన్ ఆగిపోవాలా?

సంపాదకుడికి,

కోనసీమలో ఏళ్ల తరబడి కొబ్బరి పీచు పని చేసిన ఆడవాళ్ల చేతులు చూడండి. బొటనవేలి మీద గీతలు దాదాపు అరిగిపోయి ఉంటాయి. మా ఊరి మామ్మగారొకరు ఈమధ్య తన తోటలో కొంత అమ్మితే నేను సాక్షిగా వెళ్లాను. బేరం 12 లక్షలు. ప్రభుత్వ మార్కెట్ విలువ అంతకంటే తక్కువ కాబట్టి ఎక్కువున్న 12 లక్షల మీదే లెక్క వేశారు: స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు ఒక శాతం, మొత్తం 90 వేలు. కొన్నవారు చలానా ముందే కట్టేశారు. దస్తావేజు మీద సంతకాలూ అయ్యాయి. తీరా మామ్మగారి వేలు మిషన్ తీసుకోలేదు. చెంగుతో తుడిచి, తడిపి, మళ్లీ పెట్టినా అంతే. "ఇవాళ అవదండీ, ఇంకో రోజు రండి" అన్నారు. కట్టిన డబ్బు పోతుందేమోనని కొన్నవారికి ఒకటే టెన్షన్.

అక్కడ ఎవరూ చెప్పని మాటలు కొన్ని ఉన్నాయి. సంతకం చేసిన తేదీ నుంచి 4 నెలల్లోగా దస్తావేజును దాఖలు చేయవచ్చు. తగిన కారణం ఉంటే జరిమానాతో ఇంకో 4 నెలలు గడువు దొరుకుతుంది. కాబట్టి ఆ రోజు పని అవలేదని కంగారుపడక్కర్లేదు. రెండోది, ఆధార్‌లో పది వేళ్లూ నమోదై ఉంటాయి, బొటనవేలే పెట్టాలని లేదు. తర్వాత వెళ్లినప్పుడు మామ్మగారి ఉంగరం వేలు మొదటిసారికే పడింది. ఆ మాట ముందే చెప్పి ఉంటే ఆ వయసులో ఆవిడకు మళ్లీ ఆటో ఎక్కి రావాల్సిన పని ఉండేది కాదు.

అసలు సాక్షులమైన మేమెందుకు? వచ్చినామె ఫలానా అని గుర్తుపట్టి చెప్పడానికే కదా. అమ్మేవారు వారేనని రూఢి చేసుకోవాల్సింది రిజిస్ట్రారుగారు. అందులో మిషన్ ఒక సాయం మాత్రమే.

దస్తావేజు చేతికొచ్చాక కూడా పని మిగిలే ఉంటుంది. కొన్నవారు ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీ కొత్తది తీసి, తమ లావాదేవీ ఎక్కిందో లేదో చూసుకోవాలి. భూమి హక్కుల రికార్డైన 1-బిలో పేరు మారిందో లేదో మీభూమి వెబ్‌సైట్‌లో చూసి, మారకపోతే తహసీల్దారుకు అర్జీ పెట్టుకోవాలి. ఇది తెలియక పాత పేరుతోనే వదిలేసినవాళ్లు మా చుట్టుపక్కల చాలామందే ఉన్నారు.

రిజిస్ట్రేషన్ శాఖవారికి నా మనవి: ప్రతి ఆఫీసులో వేలిముద్ర మిషన్‌తోపాటు కనుపాప మిషన్ కూడా పెట్టండి. మంచం దిగలేనివాళ్లు అర్జీ పెట్టుకుంటే సబ్ రిజిస్ట్రారు ఇంటికే వచ్చి చేసే వీలు చట్టంలో ఉంది. ఆ సంగతి, 4 నెలల గడువు సంగతి తెలుగులో బోర్డు మీద రాసి గుమ్మం దగ్గరే పెట్టించండి.

ఇట్లు,
రాజోలు ప్రాంత పాఠకుడు