ఇకపై ఒక్క ఫోటో చూసి మేడకు కోటింగ్ రేటు చెప్పను

“ఫోటో పంపాను, చూడండి. సీలింగ్ మధ్యలో టీ రంగు మరక, మూలలో నల్ల మచ్చలు. మేడ లీకేజీయా, లేక ఏసీ వల్లా? ఎంతవుతుందో చెప్పేయండి.”

ఇలాంటి మెసేజ్‌కి పంతొమ్మిదేళ్లుగా ఫోన్‌లోనే జవాబిచ్చేవాణ్ణి. విశాఖలో మా వాటర్‌ప్రూఫింగ్ పనికి పేరు వచ్చిందే అందువల్ల. ఈ ఏడాది ఒక ఇంటి విషయంలో తప్పు చెప్పాను. మా పాత కస్టమర్లకు అది నా నోటి నుంచే తెలియాలని రాస్తున్నాను.

అది పై అంతస్తు ఫ్లాట్. ఫోటోలో పైన చెప్పిన రెండూ ఉన్నాయి. మేడంతా కారుతోందని చెప్పి మే నెలలో 900 చదరపు అడుగులకు కోటింగ్ వేశాం. 36,000 రూపాయలు తీసుకున్నాం. ఆగస్టులో వాళ్లు మళ్లీ ఫోటో పంపారు. నల్ల మచ్చలు ముందుకంటే పెరిగాయి. నా కోటింగ్ ఫెయిలైందంటే ఒప్పుకోలేకపోయాను. మేడ మీద రెండంగుళాల నీళ్లు నిలబెట్టి రెండు రోజులు ఉంచాను. కింద ఒక్క చుక్క పడలేదు. సీలింగ్ మీద టీ మరక చుట్టూ పెన్సిల్‌తో గీత గీశాం. మరక ఆ గీత దాటలేదు.

అప్పుడు పాత ఫోటోను మళ్లీ పెద్దది చేసి చూశాను. టీ మరకకు అంచు ముదురుగా ఉంది, లోపల ఇంకో రెండు వలయాలు ఉన్నాయి. స్లాబులోంచి దిగిన నీరు తుప్పునూ ఉప్పునూ మోసుకొచ్చి, ఆరేటప్పుడు అంచున వదిలేస్తుంది. పదే పదే తడిసి ఆరితే ఇలా వలయాలు పడతాయి. పక్కనే పెయింట్ ఉబ్బి, తెల్లటి ఉప్పు పొడి కూడా ఉంది. సరిగ్గా దాని పైనే మేడ మీద వాననీటి పైపు మూతి ఉంది. అంటే లీకేజీ నిజమే, కానీ అది ఆ మూతి దగ్గర మాత్రమే.

నల్ల మచ్చల తీరు వేరు. వాటికి అంచు లేదు. ఆవాలు చల్లినట్టు చుక్కలు చుక్కలుగా, ఏసీ గాలి తగిలే చోటా, బీరువా పైన గాలి ఆడని మూలలోనూ ఉన్నాయి. పెయింట్ ఉబ్బలేదు, ఉప్పు లేదు. తడిగుడ్డతో రుద్దితే చాలావరకు వచ్చేశాయి. అది బూజు. ఆ ఇంట్లో రాత్రంతా ఏసీ 18లో పెట్టి, గాలి పైకి తగిలేలా రెక్కలు తిప్పి పడుకుంటారు. పొద్దున్నే ఆపి కిటికీలు తీస్తారు. మన దగ్గర వానాకాలంలో గాలి 30 డిగ్రీల వేడి, 75 శాతం తేమతో ఉంటే, దాదాపు 25 డిగ్రీలకంటే చల్లగా ఉన్న దేని మీదైనా నీరు పడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు చెమట పట్టినట్టే సీలింగ్‌కీ పడుతుంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు వంటింటి ఫాయిల్ ముక్కను మూలలో నాలుగువైపులా టేపుతో అంటించి, రెండో రోజు పొద్దున చూశాం. గదివైపు నీటి బొట్లు, సీలింగ్‌వైపు పొడి. లీకేజీ అయితే తడి సీలింగ్‌వైపు ఉండేది.

ఒక్కటి గుర్తుంచుకోండి. నలుపు కనబడగానే లీకేజీ కాదనుకోవద్దు. పాత లీకేజీ తడి మీద కూడా బూజు పడుతుంది, కానీ అప్పుడు నలుపు ఎక్కువగా టీ వలయం లోపలే ఉంటుంది. వలయానికి దూరంగా, గాలి ఆడని చోట విడిగా ఉన్న నలుపయితే, అది ఏసీ చల్లదనం వల్ల పట్టిన చెమటదేమోనని అనుమానించాలి.

డబ్బు విషయంలో పదకొండు రోజులు నిద్ర పట్టలేదు. కోటింగ్ బాగానే ఉంది, నీళ్లు నిలబెట్టి చూపించాం, తిరిగి ఇవ్వక్కర్లేదని మా మేస్త్రీ అన్నాడు. అతని మాటా తప్పు కాదు. నా పనితనం మీద నాకు ఇప్పటికీ అనుమానం లేదు. కానీ వాళ్లకు అవసరం లేని పనిని అవసరమని చెప్పింది నేనే. పైపు మూతి పనికి 4,500 ఉంచుకుని, 31,500 తిరిగి ఇచ్చేశాను. వాళ్లు ఏసీ 25లో పెట్టి, రెక్కలు దించి, బీరువాను గోడకు అరడుగు జరిపారు.

ఇకపై నాకు మూడు ఫోటోలు పంపండి. గుమ్మం దగ్గర నిలబడి సీలింగ్ మొత్తం, గోడలు కనబడేలా ఒకటి. ఫ్లాష్ ఆపి, టార్చి పక్కనుంచి వేసి దగ్గరగా ఒకటి. ఎదురుగా ఫ్లాష్ కొడితే ఉబ్బూ ఉప్పూ కనబడవు. మరక చుట్టూ పెన్సిల్ గీత గీసి తేదీ వేసి, గట్టి వాన పడిన మర్నాడు ఇంకొకటి. గీత దాటితే వస్తాను. దాటకపోతే ముందు ఫాయిల్ అంటించి చూడండి, దానికి నేను రానక్కర్లేదు.

జులై నుంచి ఒక్క ఫోటో చూసి రేటు చెప్పిన ఏడు ఇళ్లకు ఆ రేట్లు రద్దు చేస్తున్నాను. ఈ ఆదివారం లోపు నేనే ఫోన్ చేస్తాను. అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకు అదే రోజు తిరిగి పంపేస్తాను.