మారాలి, మేలుకోవాలి... ఇంతకీ ఎవరు?

సంపాదకుడు గారికి,

మీ విద్యార్థుల పేజీలో కొన్నాళ్లుగా వేస్తున్న నమూనా ప్రసంగాలు చదువుతున్నాను. బడి అసెంబ్లీలో ఏదో ఒక సామాజిక సమస్య మీద మూడు నిమిషాలు మాట్లాడాల్సిన పిల్లలకు పనికొస్తాయని వేస్తున్నారు. ఉద్దేశం మంచిదే. కానీ బాలకార్మికుల మీద రాసినదాన్నీ ప్లాస్టిక్ మీద రాసినదాన్నీ పక్కపక్కన పెట్టి, సమస్య పేరున్న చోటల్లా వేలు అడ్డం పెట్టి చదివి చూడండి. ఏది దేని గురించో చెప్పలేం. రెండింటిలోనూ సమాజం మారాలి, యువత మేలుకోవాలి, అందరం నడుం బిగించాలి. చాలాకాలం తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాను, వక్తృత్వ పోటీలకు జడ్జిగా పిలిస్తే ఇప్పటికీ వెళ్తుంటాను. అందుకే ఈ ‘-ఆలి’ సంగతి కొంచెం వివరంగా రాస్తున్నాను.

తెలుగులో లయ చాలా చవగ్గా దొరుకుతుంది. మన వాక్యం చివర క్రియ ఉంటుంది. ఒకే రకం క్రియతో నాలుగు వాక్యాలు ముగిస్తే చాలు, అంత్యానుప్రాస దానంతటదే వచ్చేస్తుంది. శతకపద్యాల్లో మకుటం పద్యం చివర కూర్చుని పద్యాన్ని గుర్తుండేలా చేసినట్టే, ప్రసంగంలో వాక్యం చివర తిరిగి తిరిగి వచ్చే మాట వినేవాళ్ల చెవిలో నిలిచిపోతుంది. 1992లో రియో ధరిత్రీ సదస్సులో పన్నెండేళ్ల కెనడా అమ్మాయి సెవెర్న్ కల్లిస్-సుజుకి ‘నేను చిన్నపిల్లనే’ అని వాక్యం మొదట్లో మళ్లీ మళ్లీ అంటూ పెద్దలను నిలదీసింది. ఇంగ్లీషులో బరువు అలా మొదట్లో పెట్టొచ్చు. మనకు మాత్రం దెబ్బ తగిలేది వాక్యం చివరే. కాబట్టి అక్కడ ఏ క్రియ పెడుతున్నామన్నదే అసలు ప్రశ్న.

‘మారాలి’ అన్న మాటలో మనిషి లేడు. నేను మారాలి, నువ్వు మారాలి, వాళ్లు మారాలి, ఎవరైనా అదే రూపం. కర్త చెప్పకపోతే ఎవరూ కాదు. అదే ‘నవ్వాం’ అనండి. మనం అని విడిగా చెప్పకపోయినా ఆ క్రియలోనే మనం ఉన్నాం, తప్పించుకునే దారి లేదు. మన నమూనా ప్రసంగాలన్నీ ‘-ఆలి’ మీద ఎందుకు నడుస్తాయంటే, దానివల్ల లయ వస్తుంది, చప్పట్లూ వస్తాయి, ఎవరికీ నొప్పి తగలదు.

ఒక ఉదాహరణ చెబుతాను. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె తోటి పిల్లలను వెక్కిరించడం అనే విషయం తీసుకుంది. మొదట రాసుకొచ్చింది అచ్చం మీ నమూనాలాంటిదే: ‘మానవత్వం మంటగలుస్తున్న ఈ రోజుల్లో వెక్కిరింపులు ఆగాలి, మనసులు మారాలి, స్నేహం వికసించాలి.’ బిగ్గరగా చదవమన్నాను. చదివింది, బాగానే ఉంది. రేపు ఈ ప్రసంగం విన్న ఆరో తరగతి పిల్లాడు మధ్యాహ్నం ఏం చేయాలని నీ ఉద్దేశం అని అడిగితే, కాసేపు ఆలోచించి ‘వెక్కిరించకూడదు, అంతేగా’ అంది. వెక్కిరించేవాడు నీ మాట వింటాడా అన్నాను. వినడని తనే ఒప్పుకుంది.

మరి ఎవరితో మాట్లాడాలి? ఈ విషయం మీద జరిగిన పరిశోధన ఇక్కడ పనికొచ్చింది. వెక్కిరింపు ఇద్దరి మధ్య వ్యవహారం కాదని, చుట్టూ ఉన్నవాళ్లలో కొందరు సాయం పడతారని, కొందరు నవ్వి ఊతమిస్తారని, కొందరు పట్టించుకోరని, కొద్దిమంది బాధితుడి పక్షాన నిలబడతారని ఫిన్లండ్‌లో క్రిస్టినా సాల్మివల్లి బృందం 1996లో ప్రచురించిన అధ్యయనంలో చూపించింది. ఆ దేశంలో తర్వాత వచ్చిన ‘కివా’ అనే బడి కార్యక్రమం కూడా ఈ చుట్టూ ఉన్నవాళ్ల మీదే పనిచేస్తుంది. అసెంబ్లీలో నిలబడ్డవాళ్లలో ఎక్కువమంది వాళ్లే కదా. ఆ అమ్మాయికి తన శ్రోత దొరికాడు: వెక్కిరించేవాడు కాదు, పక్కన నవ్వేవాడు.

రెండోసారి రాసుకొచ్చింది ఇలా మొదలైంది: ‘మన క్లాసులో ఒకడికి నత్తి. వాడు నోరు తెరిస్తే నవ్వుతాం.’ లయ ఉంది, మనుషులున్నారు, నిజం కూడా ఉంది. కానీ ఇది మైకులో పడిన మరుక్షణం బడి మొత్తం తల తిప్పి ఆ పిల్లాడి వైపు చూస్తుంది. వాడికి మేలు చేయబోయి వాడిని అందరి ముందూ నిలబెట్టినట్టవుతుంది. మాట ఎంత బలంగా ఉంటే ఆ చూపు అంత బలంగా పడుతుంది. ఈ ప్రమాదం గురించి ఏ నమూనా ప్రసంగమూ హెచ్చరించదు. బాధపడుతున్న మనిషి ఆనవాలు, అంటే లోపం, క్లాసు, ముద్దుపేరు, ఏదీ ప్రసంగంలో ఉండకూడదు. నవ్వినవాళ్ల సంగతి మాత్రం ఎంతైనా చెప్పొచ్చు. అమ్మాయి అలాగే మార్చింది. చివరికి అసెంబ్లీలో చెప్పిన భాగం ఇది:

‘వెక్కిరించేది ఒక్కరే. నవ్వేది మనందరం. ఒకరికి పేరు పెట్టారు, నవ్వాం. నడక అనుకరించి చూపించారు, నవ్వాం. కళ్లలో నీళ్లు తిరిగాయి... అప్పుడు కూడా నవ్వాం. ఎందుకు నవ్వారని టీచర్ అడిగితే, ఊరికే అన్నాం. ఊరికేనా? ఊరికే నవ్వే నవ్వుకి ఇంకొకరు బడి మానేయాలని ఎందుకు అనుకుంటారు?’

ఇందులో పెద్ద మాట ఒక్కటీ లేదు. ‘నవ్వాం’ మూడుసార్లు వచ్చింది, మూడోసారి దాని ముందు ‘అప్పుడు కూడా’ వచ్చి తూకం మార్చింది. నాలుగోసారి కూడా వచ్చి ఉంటే పిల్లలు ముందే పసిగట్టి తామే కోరస్‌గా అనేవాళ్లు. ఆ సరదాతో విషయం గాలికి పోయేది. ‘ఊరికే’ దగ్గర ఉన్నది పాఠ్యపుస్తకంలో మనం నేర్పే ముక్తపదగ్రస్తమే, విడిచిన మాటనే మళ్లీ ఎత్తుకోవడం. పరీక్షలో దాని లక్షణం రాసి మార్కులు తెచ్చుకున్న పిల్లలకు, అది ఎదుటివాడి సాకును పట్టుకుని తిరిగి అతని చేతిలోనే పెట్టే పనిముట్టని ఎవరూ చెప్పరు. చివర వేసిన ప్రశ్నకు జవాబు అందరికీ తెలుసు, కాబట్టి ఆమె జవాబు చెప్పలేదు. మన పిల్లలు ప్రశ్న వేసి వెంటనే ‘కాదు, కానే కాదు!’ అని తామే అరుస్తారు. వినేవాళ్లకు ఆలోచించే పని లేకుండా చేయడానికి అంతకంటే మంచి పద్ధతి లేదు.

చుక్కలు పెట్టిన చోట ఆమె ఆగింది. ఆగడం చెప్పినంత తేలిక కాదు. టెన్షన్‌లో పిల్లలు మొదట మింగేసేది విరామాన్నే. కాగితం మీద చిన్న విరామానికి ఒక గీత, పెద్ద విరామానికి రెండు గీతలు పెట్టుకుని, రెండు గీతల దగ్గర మనసులో ‘ఒకటి, రెండు’ అనుకోమన్నాను. ఆరుబయట మైకులో మాట్లాడేటప్పుడు ఎదురుగోడకు తగిలి మాట తిరిగి వస్తుంది. ఆ మోత తగ్గకముందే తర్వాతి మాట అంటే రెండూ కలిసిపోతాయి. తెలుగు మాటలు పొడుగు కూడా, ఒక్క మాటలోనే కర్త, కాలం, ప్రశ్న అన్నీ ఇమిడిపోతాయి. అందుకని మూడు నిమిషాలకు మూడు వందల మాటల కంటే రాయొద్దంటాను. రాసినది ఎక్కువైతే పిల్లలు కోసేసేది మాటల్ని కాదు, విరామాల్ని.

అంకె విషయంలో ఇద్దరికీ కొంచెం వాదన అయింది. బడి ఆటస్థలాల్లో పిల్లల్ని వీడియో తీసి పరిశీలించిన కెనడా పరిశోధకులు 2001లో ప్రచురించిన ఫలితం ఒకటుంది: తోటి పిల్లలు కలగజేసుకున్నప్పుడు 57 శాతం సందర్భాల్లో వేధింపు పది సెకన్లలోపే ఆగిపోయింది. అమ్మాయి ఆ అంకెను సంవత్సరంతో సహా చెప్తానంది. చదివేవాడు 57 దగ్గర ఆగి మళ్లీ చూసుకోగలడు, నిలబడి వినేవాడికి ఆ వీల్లేదు. ‘ఎవరైనా అడ్డుకుంటే, సగం కంటే ఎక్కువసార్లు, పది సెకన్లలో ఆగిపోయిందట’ అని చెప్పింది. ఆ ఒక్క అంకే, అంతకు మించి లేదు. ఎవరైనా అడిగితే చూపించడానికి మూలం కాగితం మీద రాసి పెట్టుకుంది.

ముగింపులో ఆమె అడిగిన పని మెట్లుమెట్లుగా ఉంది: ‘రేపు ఎవరినైనా వెక్కిరిస్తే నవ్వకండి. వీలైతే వెళ్లి వాళ్ల పక్కన నిలబడండి. ఇంకా ధైర్యముంటే, వద్దని చెప్పండి. మీ వల్ల కాకపోతే టీచర్‌కి చెప్పండి.’ మొదటి మెట్టు ఎంత పిరికివాడైనా ఎక్కగలిగింది కాబట్టే రెండోది వినబుద్ధి అవుతుంది. కొట్టేదాకా వచ్చిన చోట పిల్లలు మధ్యలోకి వెళ్లకూడదు, పెద్దవాళ్లను పిలవాలి అన్న వాక్యాన్ని నేను పట్టుబట్టి చేర్పించాను. దానివల్ల లయ కొంచెం కుంటుపడింది. పడనివ్వండి.

ఒక ప్రసంగంతో ఆ బడిలో వెక్కిరింపులు పోయాయని నేను చెప్పడం లేదు. ఫిన్లండ్ కార్యక్రమంలో కూడా ఏడాది పొడవునా పాఠాలు, టీచర్ల శిక్షణ ఉంటాయి గానీ ఒక్క ఉపన్యాసం కాదు. అయితే పోటీల్లో జరిగేది చూస్తుంటే బాధేస్తుంది. జడ్జీల చేతికిచ్చే మార్కుల షీటులో సాధారణంగా కంఠస్వరం, హావభావాలు, ఉచ్చారణ, కాగితం చూడకుండా చెప్పడం ఉంటాయి. ఎవరితో మాట్లాడింది, ఏం చేయమని అడిగింది అనే గడి నాకైతే ఎప్పుడూ కనిపించలేదు. ఇంటర్నెట్‌లో దొరికిన ప్రసంగాన్ని బట్టీపట్టి, పిడికిలి బిగించి చెప్పినవాడికి మొదటి బహుమతి వస్తుంటే, పిల్లలు వేరేగా ఎందుకు రాస్తారు?

పోటీలు పెట్టే బడులను, సంఘాలను నేను కోరేది రెండు మార్పులు. ఆ గడి షీటులో చేర్చి దానికి కనీసం మూడో వంతు మార్కులివ్వండి. ప్రసంగం ముగిశాక జడ్జి ఒక ప్రశ్న అడిగి, కాగితంలో లేని జవాబు ఒకటి పిల్లవాడి నోటి నుంచి వినండి. సొంతంగా రాసుకున్నాడో లేదో అర నిమిషంలో తేలిపోతుంది.

మీ పేజీకి కూడా ఒక విన్నపం. పూర్తి ప్రసంగాలు అచ్చువేయడం ఆపి, ఒక విద్యార్థి మొదట రాసినదీ దిద్దాక మారినదీ పక్కపక్కన వేయండి. ఏ వాక్యం ఎందుకు పోయిందో కింద రెండు ముక్కల్లో రాయండి. బట్టీపట్టడానికి అందులో ఏమీ ఉండదు. ఆ పని చేసిపెట్టే టీచర్లు దొరకడం కష్టమేమీ కాదు, అడిగితే నేనూ చేస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు