క్రెడిట్ నోటు మీద ‘ఎందుకు’ అని కూడా అడగండి: కేంద్ర ఆర్థిక మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఆర్థిక, కార్పొరేట్ వ్యవహారాల మంత్రి గారికి నమస్కారం.

నేను బెంగళూరు పీణ్యలో బేరింగులు, ఆయిల్ సీళ్లు అమ్మే ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలో అకౌంటెంటుని. సొంతూరు కదిరి. ఈ లేఖ ఇంగ్లీషు ప్రతి మీ కార్యాలయానికి విడిగా పంపాను. ఇదే పని చేసే మనవాళ్లు కూడా చదవాలని ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. ఒక తప్పు బిల్లు, దాన్ని దిద్దబోయి నేను పడ్డ పాట్లు, చివర్లో ఒక చిన్న కోరిక. అంతే విషయం.

2025 ఆగస్టు 14, గురువారం సాయంత్రం. మాకు ఒకే పేరుతో ఇద్దరు కస్టమర్లు ఉన్నారు. ఒకరు యశవంతపురలో, ఇంకొకరు బొమ్మసంద్రలో. సరుకు వెళ్లింది బొమ్మసంద్రకి. బిల్లు వేసే అమ్మాయి లిస్టులో పైన కనపడ్డ పేరు నొక్కింది, బిల్లు యశవంతపుర వాళ్ల జీఎస్టీ నంబరు మీద పడింది. సరుకు విలువ 40,000, పన్ను 7,200, మొత్తం 47,200. యాభై వేల లోపే కాబట్టి ఈ-వే బిల్లు అవసరం రాలేదు. అది తీసి ఉంటే చేరాల్సిన చోటు దగ్గరైనా ఎవరో ఒకరికి అనుమానం వచ్చేది. శుక్రవారం పంద్రాగస్టు, శనివారం కూడా ఓనరు గారు సెలవిచ్చారు. సోమవారం పొద్దున బొమ్మసంద్ర నుంచి ఫోన్: బిల్లు మీద ఉన్న జీఎస్టీ నంబరు మాది కాదు సార్ అని. ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. "అన్నా, నాదే తప్పు, ఇప్పుడు క్యాన్సిల్ చేసేస్తా" అంది. క్యాన్సిల్ కాలేదు. ఈ-ఇన్వాయిస్ నంబరు పుట్టిన 24 గంటల లోపే దాన్ని రద్దు చేయాలి. ఆ గడియారానికి పండగా లేదు, ఆదివారమూ లేదు.

రద్దు చేయడం కుదిరి ఉంటే ఏమయ్యేదో ముందు చెప్పాలి, ఎందుకంటే మా లైన్లో శుభ్రంగా జరిగే దిద్దుబాటు అదొక్కటే. ఈ-ఇన్వాయిస్ పోర్టల్‌కి వెళ్లే రద్దు సందేశం ఇంతే ఉంటుంది, నంబరు ఒక్కటి పెద్దదని కుదించాను:

```json
{
  "Irn": "...",
  "CnlRsn": "2",
  "CnlRem": "Wrong buyer"
}
```

ఆ రెండో గడి చూడండి మేడమ్. 1 అంటే రెండుసార్లు పడిన బిల్లు, 2 అంటే ఎంట్రీలో పొరపాటు, 3 అంటే ఆర్డరు రద్దు, 4 అంటే ఇతరం. కారణం చెప్పకుండా రద్దు జరగదు. రద్దయిన నంబరును మళ్లీ వాడనివ్వరు. నెల అమ్మకాలకు వేసే జీఎస్టీఆర్-1 రిటర్నులో జారీ చేసిన పత్రాల పట్టికలో మొత్తం ఎన్ని, రద్దయినవి ఎన్ని అని విడిగా చూపించాలి. మా పుస్తకాల్లో కూడా ఆ నంబరు రద్దు ముద్రతో అలాగే నిలిచిపోతుంది. మూడేళ్ల తర్వాత ఆడిటర్ వచ్చి ఈ నంబరు ఏమైంది అంటే జవాబు ఆ పత్రం మీదే ఉంటుంది. పెద్ద కంపెనీల సాఫ్ట్‌వేర్లలో చేసే రివర్సల్ కూడా ఇలాంటిదే. అసలు ఎంట్రీని చెరపకుండా, దానికి సరిగ్గా ఎదురు ఎంట్రీ పడుతుంది. దీని నంబరు దానిలో, దాని నంబరు దీనిలో ఉంటాయి, రివర్సల్ కారణం కూడా ఎంచుకోవాలి.

ఆ తలుపు మూసుకుపోయింది కాబట్టి మిగిలినవి రెండు. మొదటిది జేవీ, అంటే జర్నల్ వోచరు. అది మా ఓనరు గారి సలహా. "ఆ జేవీ ఏదో కొట్టేయ్ సామీ. బొమ్మసంద్ర ఖాతాకి డెబిట్, యశవంతపుర ఖాతాకి క్రెడిట్. ఎవురు చూస్తారు?" అన్నారు. ఆయన్ని తప్పుపట్టడానికి చెప్పడం లేదు, పీణ్యలో సగం ఆఫీసులు చేసేది ఇదే. ఎవరు ఎంత బాకీ అన్న లెక్క దీంతో సరిపోతుంది కూడా. అమ్మకాలు మారవు, పన్ను మారదు. కానీ పోర్టల్‌లో బిల్లు యశవంతపుర పేరు మీదే ఉండిపోతుంది. సరుకు తీసుకోని మనిషికి 7,200 ఇన్‌పుట్ క్రెడిట్, అంటే తను కట్టాల్సిన పన్నులో తగ్గించుకునే మొత్తం, కనపడుతుంది, తీసుకున్న మనిషికి సున్నా.

దానికన్నా నన్ను ఆపింది ఇంకొకటి. ఒక కస్టమర్ ఖాతా నుంచి ఇంకో కస్టమర్ ఖాతాకి పోయే జర్నల్ ఎంట్రీని చూస్తే ఆడిటర్లకు చెవులు నిక్కబొడుచుకుంటాయి. ఒకరు కట్టిన డబ్బు జేబులో వేసుకుని, ఇంకొకరు కట్టిన దాంతో ఆ ఖాతాను పూడ్చేవాళ్లు వదిలే జాడ అచ్చం ఇలాగే ఉంటుంది. పైగా జేవీ ఏ తేదీన వేస్తే బాకీ వయసు ఆ తేదీ నుంచే మొదలైనట్టు చాలా రిపోర్టుల్లో కనపడుతుంది. 90 రోజులు దాటిన బాకీ ఒక్క జేవీతో నిన్న పుట్టిన బాకీ అయిపోతుంది. నిజాయితీగా వేసిన ఎంట్రీకీ, దొంగ ఎంట్రీకీ మధ్య ఉన్న తేడా అంతా కింద రాసుకున్న ఆ ఒక్క లైను వివరణే. ఆ లైను ఖాళీగా ఉన్నా సాఫ్ట్‌వేర్ ఏమీ అనదు.

నేను రెండోది ఎంచుకున్నాను. ఆగస్టు 18న ఆ బిల్లు మొత్తాన్ని వెనక్కి తీసుకుంటూ యశవంతపుర వాళ్ల పేరున 47,200కి క్రెడిట్ నోటు, అదే రోజు బొమ్మసంద్ర వాళ్లకి కొత్త బిల్లు. రెండూ ఆగస్టు రిటర్నులోనే పోయాయి కాబట్టి మేం కట్టే పన్నులో తేడా రాలేదు. కొత్త బిల్లు తేదీ మాత్రం సరుకు వెళ్లిన తేదీకి నాలుగు రోజుల తర్వాత పడింది. సరుకు కదిలేలోపే బిల్లు ఉండాలని చట్టం. దానికి డెలివరీ చలాను, పాత బిల్లు రెండూ కుట్టి ఫైల్లో పెట్టాను. అదే నా సమాధానం, ఒప్పుకుంటారో లేదో అడిగేవాళ్లు వచ్చినప్పుడు చూడాలి.

ఇక్కడ ఇంకో ఇరకాటం ఉంది. సీజీఎస్టీ చట్టం 34వ సెక్షన్ క్రెడిట్ నోటు ఎప్పుడు ఇవ్వొచ్చో చెబుతుంది: బిల్లులో విలువో పన్నో ఎక్కువ పడితే, సరుకు వెనక్కి వస్తే, సరుకులోనో సేవలోనో లోపం ఉంటే. బిల్లు వేరే మనిషి మీద పడితే అన్న మాట అందులో లేదు. మావాళ్లందరూ ఇస్తున్నారు, మా సీఏ గారూ ఇవ్వమనే అన్నారు. కానీ నా నోటు చదివే కొత్త మనిషికి యశవంతపుర వాళ్లు సరుకు తీసుకుని తిప్పి పంపినట్టే అర్థమవుతుంది. ఆ సరుకు వాళ్ల గడపే తొక్కలేదు.

అసలు దెబ్బ సెప్టెంబరులో తగిలింది. జీఎస్టీ పోర్టల్‌లో ఉన్న ఇన్వాయిస్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌లో కొనేవాళ్లు ఒక్కో పత్రాన్నీ ఆమోదించొచ్చు, తిరస్కరించొచ్చు. ఏమీ నొక్కకుండా వదిలేస్తే ఒప్పుకున్నట్టే లెక్క. యశవంతపుర అకౌంటెంట్ మా బిల్లును అలా వదిలేశాడు, మా దగ్గర ఎప్పుడూ కొనేవాళ్లే కాబట్టి అనుమానం రాలేదు. క్రెడిట్ నోటును మాత్రం రిజెక్ట్ చేశాడు. క్రెడిట్ నోటు తిరస్కరిస్తే ఆ పన్ను అమ్మినవాళ్ల తర్వాతి నెల బాధ్యతలో కలుస్తుంది. నెలాఖర్లో చూసుకుంటే మా నెత్తిన 7,200 వచ్చి కూర్చుంది. ఫోన్ చేస్తే అతను కన్నడలో అన్నది ఇది: "ఏ బిల్లుకో తెలియని నోటు చూసి మా క్రెడిట్ ఎందుకు తగ్గించుకుంటాం సార్?" అతని మాటలో తప్పేముంది? మేం ప్రింటు తీసి పంపిన నోటు మీద అసలు బిల్లు నంబరూ తేదీ ఉన్నాయి, అవి ఉండాలని రూలే ఉంది. ఆ కాగితం వాళ్ల స్టోర్స్‌లో ఎక్కడో ఉండిపోయింది. అతని ముందున్న స్క్రీన్ మీద ఆ నంబరు లేదు.

అప్పటికే వాళ్లు ఆగస్టు పన్ను కట్టే 3బీ రిటర్ను వేసేశారు కాబట్టి అతను నొక్కింది మార్చడానికి లేదు. సెప్టెంబరు జీఎస్టీఆర్-1లో అదే నోటును ఏ మార్పూ లేకుండా సవరణ పట్టికలో మళ్లీ పెట్టి, ఈసారి ఆమోదించమని బతిమాలాను. ఒక పక్క 7,200 పెరగడం, ఇంకో పక్క అదే 7,200 తగ్గడం. ఒక్క క్లిక్ పొరపాటుకి ఇప్పుడు మా ఫైల్లో రెండు బిల్లులు, ఒక నోటు, ఒక తిరస్కరణ, ఒక సవరణ ఉన్నాయి. సవరణ అంటున్నాం గానీ అందులో ఒక్క అంకె కూడా మారలేదు.

మేడమ్, పోర్టల్‌లో ఈ గడులు ఒకప్పుడు ఉండేవి. మొదట్లో జీఎస్టీఆర్-1 ఆఫ్‌లైన్ షీట్‌లో క్రెడిట్ నోట్ల దగ్గర అసలు బిల్లు నంబరు ఒక కాలమ్, నోటు ఇచ్చిన కారణం ఇంకో కాలమ్. కారణాల జాబితాలో నాలుగోది ‘బిల్లులో సవరణ’. నాకు కావాల్సింది సరిగ్గా అదే. 2020లో నోటును బిల్లు నుంచి విడదీశారు. ఏడాది చివర డిస్కౌంటు నోటు ఇచ్చేవాళ్లకు వందల బిల్లుల నంబర్లు రాయడం నరకం, వాళ్లకది పెద్ద ఊరట, కాదనను. కానీ ఇప్పుడు కారణం కాలమ్ కూడా లేదు. ఈ-ఇన్వాయిస్‌లో అసలు బిల్లు వివరాలకు `PrecDocDtls` అని ఒక చోటు ఉంది, నింపకపోయినా నడిచిపోతుంది.

మీ రెండో శాఖ, కార్పొరేట్ వ్యవహారాలదీ ఇదే కథ. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలన్నీ ఎడిట్ లాగ్ ఉన్న సాఫ్ట్‌వేరే వాడాలి, దాన్ని ఆపేయడానికి వీలుండకూడదు. మంచి రూలు, నేనైతే స్వాగతించాను. అది ప్రతి మార్పునూ, మార్చిన తేదీనీ రాయమంటుంది. ఎందుకు మార్చారో రాయమనదు. దాని ఫలితం నేను ఆఫీసుల్లో చూస్తున్నాను: లాగ్‌లో పడుతుందని భయపడి అసలు పత్రం జోలికి పోకుండా, దిద్దాల్సిన చోట జేవీ కొట్టేస్తున్నారు. జేవీ కొత్త ఎంట్రీ కాబట్టి లాగ్‌లో మార్పుగా కనపడదు.

24 గంటల గడువు పెంచమని నేను అడగడం లేదు. పెంచితే సరుకు అమ్ముకుని బిల్లు మాయం చేసేవాళ్లే ఎక్కువ లాభపడతారు. అడిగేది ఇది. రద్దుకి అడుగుతున్న కారణాన్నే క్రెడిట్ నోటుకీ అడగండి. ‘బిల్లులో సవరణ’ అని ఎంచుకున్నప్పుడు మాత్రం అసలు బిల్లు నంబరు తప్పనిసరి చేయండి, డిస్కౌంటు నోట్లను ఇప్పటిలాగే వదిలేయండి. ఆ రెండూ కొనేవాళ్లకి రిజెక్ట్ బటన్ పక్కనే కనపడాలి. 34వ సెక్షన్‌లో తప్పు వ్యక్తి పేరున పడిన బిల్లుకు ఒక మాట చేర్చండి. ఎడిట్ లాగ్ రూల్లో తేదీ పక్కన కారణం అన్న పదం చేర్చండి.

ఇట్లు,
పీణ్య నుంచి ఒక అకౌంటెంట్