తూము లేని చెరువు

అమలాపురం

అమ్మలూ,

నీ చంద్రుడు ఒంటరివాడని ఎవరో అంటే భయమేసిందన్నావు. రాత్రి నీ జాతక చక్రం మళ్లీ ముందేసుకుని కూర్చున్నాను.

ఒంటరి అనే మాటకి ఇందులో రెండు అర్థాలున్నాయి. పాశ్చాత్యులు లెక్కించే పది గ్రహాల్లో తొమ్మిది చక్రంలో ఒక సగంలో చేరి, పదోది ఎదుటి సగంలో ఒక్కటే ఉంటే అది చోటు వల్ల ఒంటరి. మిగతావాటి బలమంతా దాని గుండానే బయటికి వస్తుందంటారు. నీది అది కాదు. నీ చంద్రుడికి అటూ ఇటూ గ్రహాలున్నాయి గానీ, ఏ ఒక్కదానితోనూ కోణం కుదరలేదు. పాశ్చాత్య పద్ధతిలో ముఖ్యంగా చూసేవి 0, 60, 90, 120, 180 డిగ్రీలు. సిద్ధాంతిగారు చెప్పే కేమద్రుమం కూడా ఇది కాదు. చంద్రుడికి రెండో ఇంట, పన్నెండో ఇంట గ్రహాలు లేకపోతే దాన్ని కేమద్రుమం అంటారు. మీ అమ్మ ఈ రెండూ ఒకటే అనుకుని ఊరికే టెన్షన్ పడింది.

మన పొలం పక్క చెరువు గుర్తుందా? దానికి తూము లేదు, ఏ బోదెకీ కలవదు. ఎండాకాలమంతా ఉందో లేదో ఎవరికీ పట్టదు. వాన దంచిందంటే గట్టు మీద నుంచి ఒక్కసారే పొర్లుతుంది. కోణం లేని గ్రహం అలా పనిచేస్తుందని నేను నమ్ముతాను. చంద్రుడంటే మనసు కదా. నాయనమ్మ పోయినప్పుడు నీకు ఎనిమిదేళ్లు. పదకొండు రోజులూ కన్నీటి చుక్క రాలేదు, వచ్చినవాళ్లకి మంచినీళ్లు అందించావు. తర్వాత వేసవిలో ముంజెలు కొట్టించి నీ చేతికిస్తే, వేలు పెట్టి నీళ్లు చిమ్మి, అక్కడే కూలబడి గంటసేపు ఏడ్చావు. ఎందుకని అడిగితే "తెలీదు నాన్నా" అన్నావు. ముంజె నీళ్లు చిమ్మించే ఆట నేర్పింది నాయనమ్మేనని మాకు తెలుసు. నీకే తట్టలేదు. కనబడకుండా ఉండే చోటంటే అదే.

అయితే ఒక చిక్కుంది. నీ చంద్రుడు వృషభంలో 17 డిగ్రీల మీద, శని సింహంలో 26 మీద. మధ్య దూరం 99. అంటే 90కి 9 ఎక్కువ. నేను 8 డిగ్రీల తేడా వరకే ఒప్పుకుంటాను కాబట్టి ఒంటరి అన్నాను. 10 వరకు ఒప్పుకునేవాళ్లు శనితో కోణం ఉందనే అంటారు. పైగా చంద్రుడు గంటకి సుమారు అర డిగ్రీ నడుస్తాడు. ఆసుపత్రి చీటీ మీద తెల్లవారుజాము 4:10 అని ఉంది. అమ్మమ్మేమో నువ్వు పుట్టేసరికి బాగా తెల్లారిపోయిందంటుంది. ఆవిడ మాటే నిజమై రెండు గంటలు తేడా వస్తే, చంద్రుడు ఒక డిగ్రీ ముందుకి జరుగుతాడు, దూరం 98కి వస్తుంది. అప్పుడు నా లెక్కలో కూడా వాడు ఒంటరి కాడు. శనితో ముడిపడ్డ మనసును చదివే తీరే వేరు.

సంక్రాంతికి వచ్చినప్పుడు అమ్మమ్మని నువ్వే అడుగు. టైమెంత అని అడగొద్దు, ఆవిడ గడియారం చూసే మనిషి కాదు. పాలవాడు వచ్చి వెళ్లాడా, దీపం ఇంకా వెలుగుతోందా అని అడుగు.

మీ నాన్న