గుర్తు లేనంత మాత్రాన ఆ ఫోటో నిజం కాదు: మంత్రి గారికి బహిరంగ లేఖ

సమాచార సాంకేతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఒక పత్రికలో ఫోటో డెస్కులో పనిచేస్తాను. వచ్చిన ఫోటో వేయవచ్చా లేదా అని చూడటమే నా పని. ఏఐ బొమ్మలకు గుర్తు తప్పనిసరి చేయాలన్న ఆలోచన ఇప్పుడు చాలా ప్రభుత్వాల్లో నడుస్తోంది. మీరు ఆ నియమాలు రాసే ముందు మా డెస్కులో జరిగిన ఒక సంగతి వినండి.

కూలిన వంతెన ఫోటో ఒకటి మెసేజింగ్ యాప్‌లో మాకు వచ్చింది. మా కుర్రాడు దాన్ని తనిఖీ చేసి, "ఏఐ గుర్తేమీ లేదు సార్, వేసేద్దాం" అన్నాడు. స్థానిక విలేకరి వెళ్లి చూస్తే వంతెన నిలబడే ఉంది. ఆ తర్వాత ఆ బొమ్మ తయారుచేసిన మనిషి దగ్గర్నుంచే అసలు ఫైలు తెప్పించుకుని రెండింటినీ పక్కపక్కన పరీక్షించాను. ఫైల్లో దాని పుట్టుక గురించి రాసి ఉంటే చదివి చూపే c2patool అనే సాధనం వాడాను.

```
c2patool asalu.jpg
```

అసలు ఫైల్లో అంతా ఉంది. ఏ సాధనంతో తయారైందో, ఎవరి సర్టిఫికెట్‌తో సంతకమైందో కనిపించాయి. `digitalSourceType` అన్న చోట `trainedAlgorithmicMedia` అని ఉంది, అంటే ఏఐ మోడల్ గీసినదని. మాకు ఫార్వర్డ్ అయి వచ్చిన ఫైల్లో మాత్రం ఏమీ లేదు. కంటికి రెండూ ఒకటే బొమ్మ.

ఎవరూ కావాలని చెరపలేదు. బొమ్మ పుట్టుకను చెప్పే ఈ రికార్డును కంటెంట్ క్రెడెన్షియల్స్ అంటారు. అవి బొమ్మలో కలిసిపోయి ఉండవు, ఫైల్లో బొమ్మ పక్కన ఒక విడి భాగంగా ఉంటాయి. యాప్ ఫోటోను చిన్నది చేసి మళ్లీ సేవ్ చేసినప్పుడు ఆ భాగం రాలిపోయింది. స్క్రీన్‌షాట్ తీసినా అంతే. ఆ రికార్డులోని డిజిటల్ సంతకం చాలా గట్టిది. ఒక్క పిక్సెల్ మార్చి పాత సంతకం అలాగే ఉంచితే లెక్క తప్పుతుంది, వెంటనే దొరికిపోతారు. కానీ మొత్తం తీసేస్తే? సీలు పగిలిన కవరును గుర్తుపట్టగలం, కవరే లేని కాగితాన్ని చూసి అది ఏ కవరులోంచి వచ్చిందో ఎలా చెప్పగలం?

అందుకే పిక్సెళ్లలోనే దాచే వాటర్‌మార్కులు వచ్చాయి. వాటిలోనూ చాలా తేడాలున్నాయి. 2022లో స్టేబుల్ డిఫ్యూజన్ అనే బొమ్మలు గీసే ఏఐ మోడల్‌తో పాటు ఇచ్చిన కోడ్ ప్రతి బొమ్మలో `StableDiffusionV1` అన్న 17 అక్షరాలను, అంటే 136 బిట్లను దాచేది. బొమ్మ సైజు మార్చినా, అంచులు కత్తిరించినా అది నిలిచేది కాదు. పైగా కోడ్ అందరి చేతిలో ఉంది కాబట్టి, గుర్తు వేసే ఆ కాస్త భాగం తీసేస్తే అసలు గుర్తే పడదు. 2023లో గూగుల్ తెచ్చిన సింథ్‌ఐడీ ఇంతకంటే చాలా గట్టిది. కత్తిరింపునూ, కంప్రెషన్‌నూ తట్టుకునేలా తయారుచేశారు. అయితే అది ఆ గుర్తు వేసే సాధనాల బొమ్మలనే పట్టుకుంటుంది, మిగతావాటి గురించి ఏమీ చెప్పలేదు. ఇక బొమ్మ మీద కొంచెం నాయిజ్, అంటే గజిబిజి చుక్కలు, చల్లి ఇంకో మోడల్ చేత శుభ్రం చేయిస్తే చాలా వాటర్‌మార్కులు పోతాయి. మన కంటికి తేడా తెలియదు.

దీనికి తిరగేసిన ప్రమాదం నన్ను ఇంకా ఎక్కువ టెన్షన్ పెడుతోంది. నిజంగా తీసిన ఫోటోలో మూలన ఉన్న చిన్న మచ్చను ఏఐ సాధనంతో తుడిస్తే, దాని మీదా వాటర్‌మార్క్ పడవచ్చు. దెబ్బలు తిన్న మనిషి తన గాయాల ఫోటో తెస్తే, "ఇది ఏఐ బొమ్మ" అని అధికారి పక్కన పెట్టేస్తే ఆ మనిషి ఎక్కడికి పోవాలి?

కాబట్టి నియమంలో ఈ మాట స్పష్టంగా రాయించండి: గుర్తు లేకపోవడం బొమ్మ నిజమనడానికి ఆధారం కాదు, గుర్తు ఉండటం ఒక్కటే అబద్ధమనడానికి ఆధారం కాదు. ఈ మాట లేకపోతే, గుర్తు తప్పనిసరి అయిన రోజు నుంచి గుర్తు రాలిపోయిన ప్రతి నకిలీనీ జనం ముందుకంటే ఎక్కువ నమ్ముతారు. మా కుర్రాడు చేసింది అదే.

రెండోది, బాధ్యత బొమ్మ తయారుచేసే కంపెనీల మీదే పెడితే చాలదు. మాకొచ్చిన ఫోటోలో సమాచారం పోయింది దారిలోనే. యాప్‌లు ఫోటో సైజు తగ్గించాక "సైజు మార్చాం" అని తమ సంతకంతో కొత్త రికార్డు చేర్చి, పాతదాన్ని అందులోనే ఉంచవచ్చు. కంటెంట్ క్రెడెన్షియల్స్ ప్రమాణంలో ఆ వీలు ఉంది. వాటర్‌మార్క్‌లో ఒక గుర్తింపు సంఖ్య దాస్తే, రాలిపోయిన రికార్డును దాని ద్వారా మళ్లీ వెతికి పట్టుకోవచ్చు కూడా. వాటర్‌మార్క్‌ను చదివే సాధనం కూడా కంపెనీ చేతిలోనే ఉండిపోకుండా మాలాంటి చిన్న డెస్కులకు అందాలి.

ఒక్క జాగ్రత్త. ఈ రికార్డుల్లో తీసినవారి పేరు, చోటు, సమయం కూడా పెట్టవచ్చు. మాకు రహస్యంగా ఫోటోలు పంపేవాళ్లకు అది ప్రాణాల మీదికి తెస్తుంది. సాధనం పేరు తప్పనిసరి చేయండి, మనిషి పేరు వద్దు.

మీ అధికారులు పిలిస్తే ఆ రెండు ఫైళ్లూ తీసుకుని వస్తాను. పరీక్ష వాళ్ల ముందే చేసి చూపిస్తాను, రెండు నిమిషాల పని.

ఇట్లు,
ఒక పత్రిక ఫోటో డెస్కు ఉద్యోగి