సెలవు, 3బి పని గురించి
సార్, నమస్తే. రాత్రి రెండున్నరకు పాప పుట్టింది. డాక్టర్ చెప్పిన తేదీకి ఇంకా మూడు వారాలుంది, అందుకే ముందు చెప్పలేకపోయాను. తల్లీబిడ్డా క్షేమం. ఈరోజు, 17 నుంచి 5 రోజులు పెటర్నిటీ లీవు ఇవ్వండి. ఆపరేషన్ అయింది కాబట్టి ఇంకో మూడు రోజులు నా ఈఎల్‌లోంచి వాడుకుంటాను.

తొందర పని ఒక్కటే, 20లోపు జీఎస్టీఆర్-3బి. కొనుగోళ్లు 2బితో సరిచూశాను. ఇద్దరు సప్లయర్ల బిల్లులు అందులో లేవు, వాళ్లింకా జీఎస్టీఆర్-1లో చూపించలేదు. ఆ క్రెడిట్ 41,300 ఈ నెల తీసుకోవద్దు. మన పుస్తకాల్లో ఉంది కదా అని కలిపేస్తే తర్వాత నోటీసు వస్తుంది. షీట్‌లో ఆ రెండు వరుసలకూ పసుపు రంగు వేశాను, ఎవరు చూసినా తెలుస్తుంది. ఓటీపీ మీ ఫోన్‌కే వస్తుంది సార్, ఫైల్ చేసేటప్పుడు దగ్గర ఉండండి.

ఆసుపత్రిలో ఫోన్ సైలెంట్‌లో ఉంటుంది, మెసేజ్ పెట్టండి.